ట్రాపులో నీళ్లు ఎక్కడికి పోయాయి: నల్లగొండలో ఒక ఇంటి బాత్రూమ్ దుర్వాసన కేసు

ఇల్లు నల్లగొండ పట్టణ శివారు కాలనీలో ఉంది. యజమానులను గుర్తుపట్టే వివరాలు మార్చాను. పైపుల వివరాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. నేను ఇళ్లకు ప్లంబింగ్ మరమ్మతులు చేస్తాను. ఈ కేసులో ఒకే ఇంట్లో ఒకే వాసనకు రెండు వేర్వేరు కారణాలున్నాయి. మొదటిదాన్ని సరిచేయడం వల్లే రెండోది బయటపడింది. మధ్యలో నేను తప్పుదారి పట్టి ఒక పని అనవసరంగా చేశాను. అందుకే దీన్ని వివరంగా రాసిపెడుతున్నాను.

ఇల్లు, పైపుల తీరు

మొదట కింది అంతస్తు మాత్రమే కట్టారు. కొన్నేళ్ల తరువాత కొడుకు కోసం పైన ఇంకో అంతస్తు వేశారు. మెట్లు ఇంటి లోపలే ఉన్నాయి. కింద పెద్దవాళ్లిద్దరే ఉంటారు. కొడుకు కుటుంబం హైదరాబాద్‌లో ఉంటూ దసరాకి, సంక్రాంతికి, వేసవి సెలవులకి వస్తుంది. మిగతా రోజుల్లో పై అంతస్తు తాళం వేసే ఉంటుంది.

రెండు అంతస్తుల మురుగంతా ఒకే 110 మి.మీ. పీవీసీ నిలువు పైపులోకి వస్తుంది. స్నానాల నీటికీ మరుగుదొడ్డికీ వేరే లైన్లు లేవు. నిలువు పైపు కింద చాంబర్, దాని తరువాత సెప్టిక్ ట్యాంకు. చాలా ఇళ్లలో స్నానాల నీళ్లు విడిగా బయటి మోరీలోకి పోతాయి. అలాంటి ఇంట్లో ఈ కథ ఇలా నడవదు. ఇక్కడ బాత్రూమ్ జాలీ కింద ఉన్న పైపు నేరుగా సెప్టిక్ ట్యాంకు గాలితో కలిసి ఉంది. ఆ గాలికీ మనిషి ముక్కుకీ మధ్య ఉన్న అడ్డు ఒక్కటే, ట్రాపులో నిలిచిన నీళ్లు.

జాలీ తీసి చూస్తే కనిపించే నహానీ ట్రాపులో ఒక వంపు ఉంటుంది. అందులో ఎప్పుడూ కొంత నీరు నిలిచి ఉండాలి. ఆ నీటి అడ్డు లోతు మంచి ట్రాపులో సుమారు 50 మి.మీ. ఉంటుంది. అంటే రెండు అంగుళాల నీరు. అది ఉన్నంతసేపు కింది గాలి పైకి రాదు. అది పోతే జాలీ తెరిచిన కిటికీతో సమానం. కాబట్టి దుర్వాసన అని ఎవరు పిలిచినా నేను మొదట వేసుకునే ప్రశ్న ఒకటే: ఆ నీళ్లు ఉన్నాయా, లేకపోతే ఎలా పోయాయి?

మే నెలలో మొదటి పిలుపు

పెద్దాయన ఫోను చేసేనాటికి నెలరోజులుగా ఇంట్లో కుళ్లిన గుడ్డు వాసన వస్తోంది. పొద్దున తలుపులు తీసేసరికి హాలంతా నిండి ఉంటోంది. వాళ్లు అప్పటికే చాలా చేశారు. కింది బాత్రూములో ఫినాయిలు పోశారు, నాఫ్తలీన్ గోళీలు వేశారు, యాసిడ్‌తో కడిగారు. ఇంకొకరిని పిలిపించి కొత్త జాలీ బిగించి, కమోడ్ అడుగున సిమెంటు పూత కూడా వేయించారు. ఏదీ రెండు రోజులకు మించి నిలవలేదు.

ఆ ఇంటి అమ్మ నాతో, "బిడ్డా, యాసిడ్ వేసి, మీద బ్లీచింగ్ కూడా చల్లాను. కళ్లు మండి ఊపిరి ఆడలేదు" అన్నారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన బాత్రూములో అది ప్రాణాల మీదికి తెస్తుంది. ఇక ఎప్పుడూ ఆ రెండూ కలపవద్దని ఆమెకు గట్టిగా చెప్పాను. ఈ వాసన మురికి వల్ల వచ్చేది కానప్పుడు ఎంత కడిగినా పోదు.

ముందుగా బోరు నీటిని అనుమానించి, బకెట్లో పట్టి ఆరుబయట వాసన చూశాను. కొన్ని బోర్ల నీళ్లకే ఆ వాసన ఉంటుంది. ఇక్కడ లేదు. తరువాత వాసన ఏ గదిలో పుడుతోందో తేల్చాలి. పగటిపూట ఫ్యాన్లు, కూలర్ తిరుగుతూ గాలిని కలిపేస్తుంటే ముక్కుతో వెతకడం దండగ. అందుకే ఆ రాత్రి కింది బాత్రూముతో పాటు పైనున్న రెండు బాత్రూముల తలుపులు మూసి, గడప దగ్గర సందులో తడిగుడ్డ కుక్కి పడుకోమన్నాను. పొద్దున ఒక్కో తలుపూ విడిగా తీసి చూడమన్నాను. కింది బాత్రూములో వాసన లేదు. పైన రెండింటిలోనూ ముక్కు మూసుకోవలసి వచ్చింది. పైనుంచి మెట్ల మీదుగా హాలులోకి దిగుతున్న వాసనకు నెలరోజులుగా కింది బాత్రూమును కడుగుతున్నారన్నమాట.

పైన జాలీ ఎత్తి టార్చి వేశాను. ట్రాపు పూర్తిగా ఎండిపోయింది. నీళ్లు ఒకప్పుడు ఎంత ఎత్తున ఉండేవో చెప్పే తెల్లటి ఉప్పుగీత చుట్టూ కట్టి ఉంది, అడుగున చచ్చిన బొద్దింక ఉంది. సంక్రాంతి తరువాత అక్కడ ఎవరూ చుక్క నీరు పోయలేదు. నాలుగు నెలలు గడిచాయి, చివరి రెండు నెలలూ మన ఎండలు. రెండు అంగుళాల నీరు ఆవిరైపోవడానికి అది చాలు. కమోడ్‌లో కూడా నీళ్లు బాగా తగ్గాయి గానీ అడ్డు పూర్తిగా పోలేదు.

చేసింది చిన్న పని. ఒక్కో ట్రాపులో రెండు లీటర్ల నీళ్లు పోసి, వంపు నిండిందని టార్చితో చూసుకుని, పైన రెండు మూడు చెంచాల లిక్విడ్ పారఫిన్ వేశాను. మందుల షాపులో దొరుకుతుంది. నీటి మీద అది పొరలా తేలి ఆవిరిని బాగా తగ్గిస్తుంది. వంటనూనె వాడవద్దు, కొన్నాళ్లకు అదే ముక్కిపోయి వాసన కొడుతుంది. కొబ్బరినూనె చలికాలంలో గడ్డకడుతుంది. ఏ నూనె పొరైనా, ఆ జాలీలో ఒకసారి బకెట్ నీళ్లు పడితే కొట్టుకుపోతుంది. కాబట్టి ఇది తాళం వేసిన ఇంటికే పనికొస్తుంది.

మరునాటికి వాసన పోయింది. కేసు అయిపోయిందనుకున్నాను.

పన్నెండు రోజుల తరువాత

ఈసారి వాసన కింది బాత్రూములోనే వచ్చింది. సెలవులకు పిల్లలు వచ్చి పై అంతస్తు వాడుతున్నారు. పెద్దాయన ఒక మాట అన్నారు: "పైన ఫ్లష్ చేసినప్పుడల్లా మా జాలీలో గుడగుడమంటోంది. ఇదివరకు ఇలా లేదు." ఆ మాటే ఈ కేసుకు తాళంచెవి. ఆ రోజు నేను దాన్ని విన్నాను గానీ సరిగ్గా పట్టుకోలేదు.

టార్చి వేసి చూస్తే కింది ట్రాపులో నీళ్లు దాదాపు లేవు. రోజూ స్నానాలు చేసే బాత్రూము అది. పొద్దున నిండిన ట్రాపు రాత్రికి ఆవిరి కాదు. ఆవిరికి వారాలు పడుతుంది. గంటల్లో పోయిందంటే నీళ్లను ఏదో లాగేస్తోందని అర్థం. ఇక్కడి వరకు సరిగ్గానే ఆలోచించాను. ఆ తరువాతే తప్పు చేశాను. ట్రాపు పాతది, అడ్డు లోతు కొలిస్తే 35 మి.మీ. మాత్రమే ఉంది. లోతు తక్కువ కాబట్టి నిలవడం లేదనుకుని, చుట్టూ టైల్స్ పగలగొట్టి 50 మి.మీ. లోతున్న కొత్త ట్రాపు పెట్టాను. నాలుగు రోజులు బాగానే ఉంది. అయిదో రోజు మళ్లీ ఫోను వచ్చింది.

ఎక్కువ లోతున్న ట్రాపు ఖాళీ కావడానికి ఒకటికి బదులు రెండు మూడు ఫ్లష్‌లు పడుతుంది, అంతే. లాగే బలం తగ్గనప్పుడు లోతు పెంచినా లాభం లేదు. టైల్స్ పగలగొట్టేముందు ఆ బలం ఎంతో కొలిచి ఉండాలి. ఆ కొలత పది నిమిషాల పని.

కొలిచి చూస్తే

ఈసారి స్టీలు స్కేలు, టార్చి పట్టుకుని జాలీ పక్కన కూర్చున్నాను. ట్రాపు నిండా నీళ్లు పోసి, స్కేలు మీద మట్టం గుర్తు పెట్టుకున్నాను. మొదట కింది కమోడ్ ఫ్లష్ చేయించాను. నీటి మట్టం ఒకసారి ఊగి సుమారు 8 మి.మీ. తగ్గింది. మళ్లీ నింపి, పైన ఫ్లష్ చేయమని అబ్బాయికి కేక వేశాను. రెండు సెకన్లలో ట్రాపు నీటిలోంచి నాలుగైదు పెద్ద బుడగలు పైకి వచ్చాయి, వాటితో పాటే వాసన. వెంటనే నీళ్లు సర్రున కిందికి లాగినట్టు పోయి, మట్టం 25 మి.మీ. పడిపోయింది. నింపకుండా రెండోసారి ఫ్లష్ చేయిస్తే మిగిలింది కూడా పోయి, జాలీ దగ్గర గాలి లోపలికి పీల్చుకుంటున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది.

ముందు బుడగలు, ఆ తరువాత లాగడం. ఈ వరుసే పైపులో ఏం జరుగుతోందో చెప్పేసింది. పైనుంచి దిగే ఫ్లష్ నీరు పైపులో ముద్దలా పడుతుంది. ముద్ద ముందున్న గాలి నొక్కుకుని దారి లేక కింది ట్రాపులోంచి బుడగలుగా తన్నుకొస్తుంది. ముద్ద దాటిపోయాక వెనుక గాలి చాలక ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ నిండడానికి పైనుంచి గాలి దిగాలి. దిగే దారి లేకపోతే దగ్గర్లో ఉన్న ట్రాపు నీటిని లాక్కుంటుంది. పొలాల దగ్గర డ్రమ్ములోంచి పైపుతో డీజిల్ లాగడం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. నిండు సీసాను బోర్లిస్తే నీళ్లు గుడగుడమంటూ ఆగి ఆగి పడతాయి. లోపలికి గాలి వెళ్తేనే నీరు బయటికి వస్తుంది.

మురుగు లైనే సగం పూడి ఉంటే కూడా గుడగుడమంటుంది. ఆ అనుమానం తీర్చుకోవడానికి చాంబర్ మూత తెరిచాం. తెరిచి, మనుషులను దూరంగా పంపి, చాలాసేపు గాలి ఆడనిచ్చి, ఆ తరువాత గాలి వచ్చే వైపు నిలబడి చూశాను. అగ్గిపుల్ల, అగరుబత్తి దగ్గరికి రానివ్వలేదు, ఎందుకంటే ట్యాంకు గాలిలో మీథేన్ ఉంటుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముక్కు వాసన పట్టడమే మానేస్తుంది. అందువల్ల వాసన లేదు కదా అని సెప్టిక్ ట్యాంకులోకి తల వంచడం, దిగడం ఎవరూ చేయకూడదు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని అందులోకి దింపడాన్ని చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 నాటి చట్టం కూడా నిషేధించింది. చాంబర్‌లో నీళ్లు నిలవలేదు. పైన ఫ్లష్ చేస్తే ధారగా వచ్చి ట్యాంకులోకి పోయింది. లైను బాగానే ఉంది. పోతున్నది నీరు, లేనిది గాలి. ఇక వెళ్లవలసింది డాబా మీదికి.

డాబా మీద

నిలువు పైపు కొన, అంటే గాలి దిగాల్సిన వెంట్, డాబా మీద మోకాలెత్తులో తేలి ఉంది. దాని మూతికి నైలాన్ దోమతెర మూడు మడతలు వేసి తీగతో బిగించారు. దోమలు పెరగకుండా వెంట్ పైపులకు తెర కట్టుకోమని చెబుతుంటారు, అది మంచి సలహానే. సెప్టిక్ ట్యాంకు దోమలకు పుట్టిల్లు. కానీ ఈ తెరను కట్టినవారు మళ్లీ దాని మొహం చూడలేదు. తీగ కోసి తెరను చేతిలోకి తీసుకుంటే అది గుడ్డలా లేదు, పాత గోనెపట్టాలా ఉంది. ఒకవైపు ఎర్రమట్టి దుమ్ము, ఇంకోవైపు పైపు ఆవిరికి పట్టిన జిడ్డు, మధ్యలో సాలెగూడు. ఎండకు ఎత్తి పట్టుకుంటే ఒక్క కన్నంలోంచి కూడా వెలుగు రాలేదు.

ఇదే కారణమని ఊపిరి పీల్చుకున్నాను. అయినా కిందికి దిగి మళ్లీ కొలిచాను. 25 మి.మీ. పడే మట్టం ఇప్పుడు 18 పడింది. తగ్గింది గానీ పోలేదు. కొలవకుండా వెళ్లిపోయి ఉంటే మూడోసారి ఫోను వచ్చేది.

అంటే కింద ఇంకో అడ్డు ఉంది. సన్నటి పురికొసకు బరువైన నట్టు కట్టి పైపులోకి వదిలాను. అయిదడుగుల దగ్గర ఆగిపోయింది. నిలువుగా ఉంటే పై అంతస్తు బాత్రూము కలిసే చోటు వరకు ఇంకా చాలా దూరం దిగాలి. ఇంటి వెనక్కి వెళ్లి చూస్తే, సరిగ్గా ఆ ఎత్తులో సజ్జను తప్పించడానికి పైపును రెండు 90 డిగ్రీల ఎల్బోలతో పక్కకు తిప్పారు. ఎల్బో ఉన్నందువల్ల నట్టు ఆగిందా, అడ్డు ఉన్నందువల్ల ఆగిందా అన్నది తేలాలి. పైనుంచి రెండు చెంబుల నీళ్లు పోసి చెవి పెట్టాను. నీళ్లు చుక్కచుక్కగా దిగుతున్నాయి తప్ప జారిపోవడం లేదు.

ఎల్బో దగ్గర పైపు కోశాం. పైన అంతస్తు వేసినప్పుడు పడిన సిమెంటు మాలు అడుగున గడ్డకట్టి సగం దారి మూసింది. ఆ గట్టు మీద కందిరీగలు మట్టిగూడు కట్టాయి. దానిపై వేపాకులు పేరుకుని ఉన్నాయి. మిగిలిన సందులో నా చిటికెన వేలు మాత్రమే దూరింది. ఇదంతా ఏళ్లుగా అక్కడే ఉంది.

మరి ఇన్నేళ్లు ఎందుకు తెలియలేదు

పెద్దాయన అడిగిన ప్రశ్న ఇది. సమాధానం పై అంతస్తు జాలీల్లోనే ఉంది. ఏడాదిలో ఎక్కువ కాలం పైన ట్రాపులు ఎండిపోయి ఉండేవి. ఎండిన ట్రాపు వాసనకు దారి ఇచ్చినట్టే, పైపుకు గాలి కూడా ఇస్తుంది. కింద ఫ్లష్ చేసినప్పుడు పైపు ఆ జాలీల గుండా ఊపిరి పీల్చుకునేది. మూసుకుపోయిన వెంట్ పని అవి చేశాయి. పండుగలకు పైన నీళ్లు వాడినప్పుడు గుడగుడ వచ్చే ఉంటుంది. నాలుగు రోజుల సందడిలో ఎవరికీ పట్టలేదు. నేను మే నెలలో ఆ ట్రాపులు నింపి, పైన పారఫిన్ పొర కూడా వేసి, ఆ ముక్కుపుటాలు మూసేశాను. పిల్లలు వచ్చి పైన రోజుకు పదిసార్లు ఫ్లష్ చేయడం మొదలుపెట్టారు. పైపుకు మిగిలిన గాలిదారి కింది ట్రాపు ఒక్కటే.

ఈ కేసు తరువాత నేను ఒక అలవాటు చేసుకున్నాను. ఎక్కడైనా ఎండిన ట్రాపును నింపితే, వెంటనే కమోడ్‌లన్నీ ఒక్కొక్కటిగా ఫ్లష్ చేయించి, మిగతా ట్రాపుల్లో మట్టం చూసి గానీ బయలుదేరను. రెండు మూడు మి.మీ. ఊగితే పరవాలేదు. 10 దాటితే డాబా ఎక్కుతాను.

చేసిన పని

సజ్జ దగ్గరి రెండు ఎల్బోలు తీసేసి 45 డిగ్రీల బెండ్లు వేశాం. వాలుగా ఉంటే ఆకు పడినా కిందికి జారిపోతుంది. డాబా మీద పైపును ఏడడుగుల ఎత్తుకు పెంచాం. మోకాలెత్తులో ఉంటే వేసవిలో డాబా మీద పడుకునేవాళ్ల మొహానికే వాసన కొడుతుంది. పక్కన ఎయిర్ కూలర్ గానీ కిటికీ గానీ లేని వైపు చూసుకున్నాం. మూతికి టోపీ పెట్టి, దాని చుట్టూ స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ ఒక్క పొర బిగించాం. కన్నాలు ఒకటిన్నర మి.మీ. లోపు ఉంటే దోమ దూరదు, గాలి ఆడుతుంది. పైపు మూతికి నేరుగా బిగించిన జాలీ కన్నా, టోపీ చుట్టుకొలతంతా పరిచిన జాలీకి గాలి దారి ఎక్కువ.

పెద్దాయన కొడుకు ఒక మాట అడిగారు. గాలిని లోపలికి మాత్రమే రానిచ్చే వాల్వులు దొరుకుతున్నాయి కదా, బాత్రూములోనే ఒకటి పెడితే డాబా వరకు పోనవసరం లేదు కదా అని. ఆ వాల్వు లాగే బలాన్ని తీరుస్తుంది. బయటికి తన్నే గాలికి మాత్రం దారి ఇవ్వదు. ఈ ఇంట్లో బుడగలు ముందు వచ్చాయి, లాగడం తరువాత. కాబట్టి ఆకాశానికి తెరిచిన పైపు ఒకటైనా ఉండాల్సిందే అని చెప్పాను.

పని పూర్తయ్యాక అదే స్కేలుతో, అదే జాలీ పక్కన కూర్చుని కొలిచాను. పైన వరుసగా మూడుసార్లు ఫ్లష్ చేయించినా కింది మట్టం 3 మి.మీ. కన్నా ఎక్కువ పడలేదు. బుడగ ఒక్కటీ రాలేదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, తలుపు కిటికీ మూసి ఇంకోసారి చూశాను. ఫ్యాన్ గదిలోని గాలిని లాగేటప్పుడు ట్రాపు నీటిని కూడా పైకి కదిలిస్తుంది. ఇక్కడ మట్టం కొద్దిగా కదిలింది, అంతే. పాత ట్రాపే ఉండి ఉన్నా ఈ లెక్క సరిపోయేది. పగలగొట్టిన టైల్స్ ఖర్చు నేను వారి నుంచి తీసుకోలేదు.

పిల్లలు హైదరాబాద్ వెళ్లేరోజు పైన అన్ని ట్రాపులూ నింపి పారఫిన్ వేశాం. పౌర్ణమి పౌర్ణమికి పైకెళ్లి ఒక్కో జాలీలో చెంబు నీళ్లు పోస్తానని అమ్మ అన్నారు. చెంబు కాదు, పొర కొట్టుకుపోయినా సరే, ఒక్కోదానిలో అర బకెట్ పోసి కమోడ్ కూడా ఒకసారి ఫ్లష్ చేయమన్నాను. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో వేరే పని మీద వెళ్లినప్పుడు జాలీ ఎత్తి చూశాను. పౌర్ణమికి పోసిన నీళ్లు మూడు వారాలకు సుమారు ముప్పావు అంగుళం తగ్గి ఉన్నాయి. డాబా మీద స్టీలు జాలీకి అప్పటికే దుమ్ము పట్టడం మొదలైంది. పాత పళ్ల బ్రష్‌తో తుడిచి, వానలకు ముందు ఒకసారి, దీపావళి తరువాత ఒకసారి తుడవాలని టోపీ కిందే పెయింటుతో రాసి వచ్చాను.